ఎకరా మిర్చికి 3,88,000 రూపాయల నికర లాభం: ఈ పత్రాన్ని ఎలా సరిచూడాలి?

సంఘం గుమస్తా (పల్నాడు)

సభ్యులందరికీ నమస్కారం. మా రైతు ఉత్పత్తిదారుల సంఘంలో నేను లెక్కలు రాస్తుంటాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడి మిర్చి సాగు ఆదాయ వ్యయ పత్రాన్ని ఆదర్శంగా చదివి వినిపించాలని మా పెద్దలు నిర్ణయించి, ముందుగా దానిని సరిచూడమని నాకు అప్పగించారు. అది 2023-24 పంట, తేజ రకం, బోరు కింద సొంత పొలం. పత్రంలోని లెక్కలన్నీ ఒక ఎకరానికే, ఇలా ఉన్నాయి:

దిగుబడి (ఎండు మిర్చి): 26 క్వింటాళ్ళు
అమ్మిన ధర: క్వింటాకు 20,500
మొత్తం రాబడి: 5,33,000

దుక్కి, సాళ్ళు: 9,000
నారు, నాటు కూలి: 14,000
ఎరువులు: 24,000
పురుగుమందులు, పిచికారీ: 38,000
కలుపు, అంతర కృషి: 16,000
కోత కూలి: 34,000
గోతాలు, ఎగుమతి, లారీ బాడుగ: 6,000
ఇతరాలు: 4,000
మొత్తం ఖర్చు: 1,45,000

నికర లాభం: 3,88,000

కూడికలు, హెచ్చవేతలు రెండుసార్లు చూశాను, ఎక్కడా తప్పు లేదు. అయినా ఈ పత్రం మీద సంతకం పెట్టడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఇందులో ఏ అంకెను పట్టుకుని మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పచ్చతోట

26 క్వింటాళ్ళంటే చాలా తక్కువ కదండీ, దీనిని ఆదర్శమని ఎలా అంటారు? మాకు ఎకరాకు 90 క్వింటాళ్ళు కూడా వచ్చిన ఏడాది ఉంది. వారానికి ఒక కోత కోసి, అదే సాయంత్రం మండీకి పంపేస్తాం. మీ రైతు నారు ఎక్కడ కొన్నారో కనుక్కోండి, రకంలోనే లోపం ఉండవచ్చు.

సంఘం గుమస్తా (పల్నాడు)

పచ్చతోట గారూ, మీరు చెబుతున్నది పచ్చి మిర్చి బరువు. పత్రంలో ఉన్నది చెట్టు మీద పండి, కళ్ళంలో ఎండిన కాయ. పండు మిర్చి మూడు నాలుగు క్వింటాళ్ళు ఎండితే ఒక క్వింటా ఎండు మిర్చి వస్తుంది కాబట్టి ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టలేము.

విశ్రాంత క్షేత్రాధికారి

నేను బ్యాంకులో వ్యవసాయ రుణాలు చూసి పదవీ విరమణ చేసినవాడిని. ఇటువంటి పత్రం నా బల్ల మీదకు వచ్చినప్పుడు, జిల్లా సాంకేతిక కమిటీ ఆ పంటకు ఆ ఏడాది నిర్ణయించిన రుణ పరిమితిని తీసి, దాని పక్కన ఖర్చుల మొత్తాన్ని పెట్టి చూసేవాడిని. రెండూ దగ్గరగా ఉంటే ఖర్చులు నమ్మదగినవనే అర్థం. మీ జిల్లా పరిమితి ఏ బ్యాంకు శాఖలో అడిగినా చెబుతారు. ఖర్చు సరిపోయిందంటే మిగిలేది ధర ఒక్కటే. దానిని మార్కెట్ యార్డు రోజువారీ ధరలతో పోల్చుకుంటే మీ పని పూర్తవుతుంది.

నల్లరేగడి (సత్తెనపల్లి ప్రాంతం)

క్షేత్రాధికారి గారి మాటను పూర్తిగా కాదనను. అయితే రుణ పరిమితి అనేది బ్యాంకు ఎకరాకు ఎంతవరకు అప్పు ఇవ్వవచ్చునో చెప్పే అంకె మాత్రమే, ఈ రైతు ఈ పొలంలో ఎంత ఖర్చు పెట్టాడో అది చెప్పదు. పత్రాలు రాసిపెట్టేవాళ్ళకు కూడా ఆ పరిమితి తెలుసు కాబట్టి ఖర్చుల మొత్తం దానికి సరిపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. బయటి అంకెతో పోల్చే ముందు, పత్రంలోని ఒక అంకె మరొక అంకెను ఒప్పుకుంటున్నదా అని చూడాలి. ఇక్కడ ఒప్పుకోవడం లేదు.

మిర్చి ఖర్చుల్లో చాలావరకు దిగుబడితో సంబంధం లేనివి. దుక్కి, నారు, ఎరువు, మందు ఖర్చులు కాయ 10 క్వింటాళ్ళు వచ్చినా 25 క్వింటాళ్ళు వచ్చినా ఇంచుమించు అంతే ఉంటాయి. కోత కూలి అలా కాదు. ప్రతి కాయనూ ఒక మనిషి చేత్తో తెంపాలి కనుక, కాయ ఎంత పెరిగితే కూలి అంత పెరుగుతుంది. ఈ పత్రంలో దిగుబడికి సాక్షి ఎవరైనా ఉన్నారంటే ఆ వరుస ఒక్కటే.

మా వైపు ఒక మనిషి రోజుకు 40 కిలోల పండు మిర్చి కోస్తే మంచి కోత కిందే లెక్క. మొదటి కోతలో కాయ దట్టంగా ఉండి అంతకన్నా కొంచెం ఎక్కువే తెగుతుంది, చివరి కోతలో సగం కూడా తెగదు. అన్ని కోతలూ కలిపి చూస్తే మనిషి రోజుకు 11 కిలోల ఎండు మిర్చి అనుకోండి. ఆ ఏడాది మీ ఊళ్ళో కోత కూలి ఎంత ఉందో మీరు చెప్పలేదు. మా దగ్గరి 350 రూపాయలే వేసుకుంటే, 34,000కు 97 మంది కూలీలు వస్తారు. 97 మంది రోజుకు 11 కిలోల చొప్పున కోస్తే 1,067 కిలోలు, అంటే పదిన్నర క్వింటాళ్ళ పైచిలుకు. 26 క్వింటాళ్ళు కోయాలంటే 236 మంది కావాలి, కూలి సుమారు 83,000 కావాలి.

కాబట్టి 26 క్వింటాళ్ళు నిజమైతే కోత కూలి సగానికి పైగా ఎగిరిపోయింది. కోత కూలి నిజమైతే దిగుబడి 11 క్వింటాళ్ళ దగ్గర ఉండాలి. రెండూ నిజమయ్యే దారి నాకు ఒకటే కనిపిస్తున్నది: పనిలో ఎక్కువ భాగం ఇంటి మనుషులే చేసుకుని ఉండాలి. ఎకరంలో 139 మంది పని ఇంటివాళ్ళ మీద పడిందంటే నేను నమ్మలేను. కూలి రేటు, ఇంటి నుంచి ఎందరు కోతకు వెళ్ళారు అన్న ఈ రెండు విషయాలూ కనుక్కుని రాయండి.

బిందుసేద్యం

నల్లరేగడి గారు అనుభవజ్ఞులే కానీ, 26 క్వింటాళ్ళు అసాధ్యమన్నట్లు మాట్లాడటం సరికాదు. నేను డ్రిప్పు, మల్చింగ్ షీటు వేసి అదే ఏడాది ఎకరాకు 28 క్వింటాళ్ళు తీశాను. మొక్కలు 14,000 ఉన్నాయనుకుంటే మొక్కకు 200 గ్రాముల ఎండు కాయ రావడం గొప్ప సంగతేమీ కాదు. పాత పద్ధతిలో సాగు చేసేవారికి ప్రతి మంచి దిగుబడీ అబద్ధంలాగే కనిపిస్తుంది.

నల్లరేగడి (సత్తెనపల్లి ప్రాంతం)

బిందుసేద్యం గారూ, 26 క్వింటాళ్ళు రావని నేను ఎక్కడా అనలేదు. మంచి నీటి వసతి ఉండి, నల్ల తామర పురుగును అదుపులో పెట్టుకున్నవారికి అంత వస్తుంది. 34,000 రూపాయల కూలితో అంత కాయ ఇంటికి రాదు అన్నాను. మీ 28 క్వింటాళ్ళకు కోత కూలి ఎంతయిందో చెప్పగలరా?

బిందుసేద్యం

పుస్తకం తీసి చూశాను. కోతకు 92,000 అయింది. కూలి 350 చొప్పునే ఇచ్చాను.

నల్లరేగడి (సత్తెనపల్లి ప్రాంతం)

92,000ను 350తో భాగిస్తే 263 మంది. 2,800 కిలోలను 263 మందికి పంచితే మనిషికి పదిన్నర కిలోల పైన. మీ దిగుబడిని నేను సందేహించడం లేదు, దానికి మీ కూలి ఖర్చే సాక్ష్యం చెబుతున్నది. గుమస్తా గారి పత్రంలో కొరవడింది అదే.

మానేరు వరి

నాది కరీంనగర్ వైపు, నాకు మిర్చి తెలియదు. కానీ ఈ చర్చ చూస్తుంటే మా దగ్గర వరి లెక్కల్లో జరిగే పొరపాటు గుర్తుకు వస్తున్నది. ఎకరాకు ఎన్ని బస్తాలు అని అడిగితే ఒకరు 75 కిలోల బస్తాలు చెబుతారు, మరొకరు కొనుగోలు కేంద్రంలో తూచే 40 కిలోల బస్తాలు చెబుతారు. వినేవారు రెండింటినీ ఒకటే అనుకుంటారు. మీ 26 అనే అంకె పక్కన క్వింటాళ్ళు అని రాసింది రైతా, పత్రం తయారు చేసినవారా?

సంఘం గుమస్తా (పల్నాడు)

మానేరు వరి గారి ప్రశ్న చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉదయం ఆ రైతు ఇంటికి వెళ్ళాను. ఆయన తన నోటు పుస్తకంలో రాసుకున్నది "మొత్తం 26" అని మాత్రమే, పక్కన ఏమీ లేదు. అవి మిర్చి తొక్కిన గోతాలు, అంటే టిక్కీలని ఆయన చెప్పారు. ఒక్కొక్క టిక్కీ సగటున 42 కిలోలు తూగిందట. క్వింటాళ్ళు అన్న మాట పత్రాన్ని కంప్యూటర్‌లో ఎక్కించిన కుర్రవాడు చేర్చినది. రైతు అబద్ధం చెప్పలేదు. కోత కూలి రేటు 350 రూపాయలే. ఇంటి నుంచి ఎవరెవరు కోతకు వెళ్ళారన్నది అడిగాను కానీ, ఆయన సూటిగా చెప్పలేదు.

26 టిక్కీలను 42 కిలోలతో హెచ్చవేస్తే 1,092 కిలోలు, అంటే 10.92 క్వింటాళ్ళు. నల్లరేగడి గారు పొలం చూడకుండా కూలి లెక్క నుంచి చెప్పిన అంకెకు ఇది ఇంత దగ్గరగా రావడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

నల్లరేగడి (సత్తెనపల్లి ప్రాంతం)

నా లెక్కకు రెండో సాక్షి కూడా మీ పత్రంలోనే ఉంది, ముందు నేను గమనించలేదు. గోతం, ఎగుమతి, యార్డుకు లారీ బాడుగ కలిపి టిక్కీకి సుమారు 230 అనుకుంటే, 26 టిక్కీలకు 5,980 అవుతుంది. పత్రంలో 6,000 ఉంది. నిజంగా 26 క్వింటాళ్ళే పండి ఉంటే 62 టిక్కీలు అయ్యేవి, ఆ ఖర్చు 14,000 దాటేది.

ఇక ధర దగ్గరకు రండి. 20,500 అనేది ఒకే అంకె. మిర్చి ఒకే రోజున, ఒకే ధరకు అమ్ముడుపోదు. మొదటి కోత కాయకు రంగు, నిగారింపు ఉంటాయి. తరువాతి కోతల్లో అవి తగ్గుతాయి. తెల్లబారిన తాలు కాయలను వేరుగా ఏరి వేరు ధరకు అమ్ముతారు, దానికి మేలు కాయ ధరలో సగం పలికినా సంతోషమే. పత్రాల్లో రాసే ధర సాధారణంగా రైతుకు బాగా గుర్తుండిపోయిన ధర, అంటే వచ్చినవాటిలో పెద్దది. తాలు అన్న మాటే లేని మిర్చి పత్రాన్ని నేను ఇంతవరకు నమ్మలేదు. కమీషన్ దుకాణం ఇచ్చిన తక్‌పట్టీలు అన్నీ తీయించండి, ఒక్కటి చాలదు.

విశ్రాంత క్షేత్రాధికారి

యార్డు ధరలతో పోల్చమని నేను చెప్పినది ఇందుకే.

నల్లరేగడి (సత్తెనపల్లి ప్రాంతం)

యార్డు ధరల్లో ఆ రోజు కనిష్ఠం, గరిష్ఠం కనిపిస్తాయండీ. 20,500 ఆ రెండింటి మధ్య ఉంటే మీ పరీక్షలో ఈ పత్రం నెగ్గిపోతుంది. ఈ రైతు కాయలో ఎంత భాగానికి ఆ ధర వచ్చిందన్నది తక్‌పట్టీ ఒక్కటే చెబుతుంది.

సంఘం గుమస్తా (పల్నాడు)

మూడు తక్‌పట్టీలు దొరికాయి. మొదటి దానిలో 9 టిక్కీలు, 378 కిలోలు, ధర 20,500. రెండవ దానిలో 13 టిక్కీలు, 546 కిలోలు, ధర 18,000. మూడవది తాలు, 4 టిక్కీలు, 168 కిలోలు, ధర 9,000. మొత్తం 26 టిక్కీలు సరిపోయాయి.

ఈ మూడింటి విలువ 77,490, 98,280, 15,120. అన్నీ కలిపితే 1,90,890. బరువుతో భాగిస్తే క్వింటాకు సగటు ధర 17,481 వస్తున్నది. పట్టీల్లోనే కమీషన్, కాటా, హమాలీ కింద మొత్తం 5,690 కోసుకున్నారు. ఇది పత్రంలోని 6,000లో లేదు, ఆ 6,000 యార్డు గేటు దాకా అయిన ఖర్చు. అంటే రైతు చేతికి వచ్చింది 1,85,200. పత్రంలో రాసిన ఖర్చు 1,45,000 తీసేస్తే 40,200 మిగులుతున్నది. 3,88,000 ఎక్కడ, 40,200 ఎక్కడ!

కౌలుదారు

ఆ 40,200 కూడా మిగిలినట్టు కాదు. ఆయనకు పొలం సొంతం కాబట్టి కౌలు రాయలేదు. మాలాంటివాళ్ళు మిర్చికి ముందే కౌలు కట్టి దిగుతాం. మీ ఊళ్ళో కౌలు ఎంత? పెట్టుబడి ఎక్కడి నుంచి తెచ్చారు? ఈ రెండూ లేకుండా సభలో చదివితే, విన్న కౌలు రైతు అదే నమ్మి పొలం తీసుకుంటాడు.

బిందుసేద్యం

కట్టని కౌలును ఖర్చుగా రాయమనడం అన్యాయం. ఆయన జేబులో నుంచి పోని డబ్బు ఖర్చు ఎలా అవుతుంది? అలా రాసుకుంటూ పోతే ఈ దేశంలో లాభం వచ్చే పంటే ఉండదు.

నల్లరేగడి (సత్తెనపల్లి ప్రాంతం)

ఇద్దరి మాటా ఒక్కొక్క ప్రశ్నకు సరైన జవాబే, కాకపోతే ప్రశ్నలు వేరు. ఆ ఏడాది రైతు చేతిలో ఎంత మిగిలింది అన్నది ఒక ప్రశ్న. దానికి కట్టని కౌలు రాయనవసరం లేదు. ఈ పంట ఆ భూమికి, ఆ ఇంటివాళ్ళ చాకిరీకి గిట్టుబాటు అయిందా అన్నది మరొక ప్రశ్న. దానికి సొంత భూమికైనా కౌలు వేయాలి, ఇంటివారి పనికీ కూలి కట్టాలి. కేంద్రంలో మద్దతు ధరలు సిఫారసు చేసే కమిషన్ కూడా ఈ రెండు రకాల ఖర్చులనూ వేరువేరుగానే చూపుతుంది, మిర్చికి మద్దతు ధర లేకపోయినా పద్ధతి పనికి వస్తుంది. పత్రంలో నికర లాభం అని ఒకే వరుస ఉండటం వల్ల ఈ గొడవ వచ్చింది. రెండు వరుసలు రాయండి.

వడ్డీ మాత్రం అలాంటిది కాదు. అప్పు తెచ్చి ఉంటే వడ్డీ జేబులో నుంచి పోయిన డబ్బే, బిందుసేద్యం గారు కూడా దానిని కాదనరు.

సంఘం గుమస్తా (పల్నాడు)

అడిగి తెలుసుకున్నాను. కాయ అమ్మిన దుకాణం దగ్గరే లక్ష రూపాయలు, నూటికి 2 రూపాయల వడ్డీకి, ఏడు నెలలు వాడుకున్నారు. వడ్డీ 14,000 అయింది. దీనిని పట్టీలో కోయలేదు, విడిగా చెల్లించారు. కాబట్టి చేతిలో మిగిలింది 26,200. మా ఊళ్ళో మిర్చి వేసే పొలానికి ఆ ఏడాది కౌలు 35,000. దానిని కూడా వేస్తే 8,800 నష్టం, ఇంటివారి పనికి ఇంకా కూలి కట్టనే లేదు.

నిజం చెప్పాలంటే, ఈ అంకెలు చూపినప్పుడు ఆ రైతు నాకన్నా తక్కువ ఆశ్చర్యపోయారు. "ఆ సంగతి నాకు తెలుసమ్మా, అంత లాభం వస్తే బ్యాంకులో బంగారం ఎందుకుంటుంది" అన్నారు. పత్రం ఆయన చేత ఎవరూ చదివించలేదు.

విశ్రాంత క్షేత్రాధికారి

అమ్మా, నా పద్ధతిలో ఈ పత్రం నెగ్గి ఉండేదని ఒప్పుకుంటున్నాను. ఒక్క సూచన చేస్తాను. 2023-24 ధరలతో రాసిన పత్రాన్ని ఇప్పుడు చదివితే అదే ధర వస్తుందని వినేవారు అనుకుంటారు. ధర పడిపోయినప్పుడు కేంద్రం 2025 ఫిబ్రవరిలో మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించింది. మీ 10.92 క్వింటాళ్ళకు ఆ ధర కడితే 1,28,648 వస్తుంది, పత్రంలోని 1,45,000 ఖర్చు కూడా తిరిగి రాదు. ఆ అంకెను పక్కన రాసి పెట్టండి.

మానేరు వరి

ఒక చిన్న సందేహం మిగిలిపోయింది. ఎకరం అన్నది పాసు పుస్తకంలోని ఎకరమా, గొలుసు పెట్టి కొలిచినదా? మా తెలంగాణలో 1.20 అని రాస్తే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. మీ వైపు అదే 1.20 ఎకరం ఇరవై సెంట్లు. మీ కుర్రవాడు విస్తీర్ణాన్ని కూడా తనకు తోచినట్లు ఎక్కించలేదు కదా?

ఖమ్మం మిరప

నేను ఇంతవరకు చదువుతూనే ఉన్నాను. నల్లరేగడి గారి కూలి లెక్క మా దగ్గర ఇంత చక్కగా పనిచేయదని చెప్పాలి. మాకు కోతకు ఛత్తీస్‌గఢ్ నుంచి ముఠాలు వస్తాయి. వారిలో చాలామంది కూలికి డబ్బు తీసుకోరు, మిరపకాయలే తీసుకుంటారు. అలా ఇచ్చిన కాయ రైతు అమ్మకంలో కనిపించదు, ఆ కూలి ఖర్చులోనూ కనిపించదు. దిగుబడి, ఖర్చు రెండూ కలిసి తగ్గుతాయి కాబట్టి పత్రం తనలో తాను ఒప్పుకుంటూనే ఉంటుంది, కానీ పొలంలో పండినదెంతో చెప్పదు. మీ రైతు కూలీలకు కాయ ఇచ్చారేమో అడిగారా?

నల్లరేగడి (సత్తెనపల్లి ప్రాంతం)

ఇది నాకు తట్టలేదు. మా ఊళ్ళో అంతా డబ్బు కూలే కావడం వల్ల ఆ వైపు ఆలోచించలేదు. కాయ ఇచ్చి ఉంటే చేతిలో మిగిలినది మారదు, దిగుబడి మాత్రం 10.92 కన్నా పెరుగుతుంది. ఇంటివాళ్ళు కోతకు వెళ్ళి ఉంటే అదీ ఇందులో కలుస్తుంది. అప్పుడు నేను వేసుకున్న రోజుకు 11 కిలోలన్న లెక్కనూ తిరిగి చూసుకోవాలి. మీ పత్రం అంత బాగా కలిసిరావడంలో కొంత కాకతాళీయం కూడా ఉండవచ్చు.

సంఘం గుమస్తా (పల్నాడు)

విస్తీర్ణం గురించి వెంటనే చెప్పగలను, పాసు పుస్తకంలో 1.00 అనే ఉంది. కొలిచి చూసినవారు మాత్రం ఎవరూ లేరు. గట్టు, బోరు షెడ్డు పోగా మొక్క ఉన్న నేల ఎంతో ఎల్లుండి సర్వేయర్ వచ్చినప్పుడు తేలుతుంది. కూలీలకు కాయ ఇచ్చారా అన్న సంగతి, ఇంటివారి కోత పని సంగతి రైతు భార్యను అడగాలి, ఎందుకంటే ముఠాతో మాట్లాడి లెక్క చూసుకున్నది ఆవిడేనట. ఈ మూడూ తేలేవరకు దిగుబడి వరుసలో "అమ్మినది 10.92 క్వింటాళ్ళు" అని మాత్రమే రాసి, "పండినది" అన్న గడిని ఖాళీగా ఉంచుతున్నాను.